జూన్ 4 నాటి ఎర్ర క్యాండిల్

షేర్ మార్కెట్ చార్టులో కనిపించే ఒక్కో క్యాండిల్‌లో నాలుగు ధరలుంటాయి: ఆ రోజు మొదలైన ధర, పలికిన గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, ముగింపు ధర. మొదటి ధరకూ ముగింపుకూ మధ్య దూరాన్ని లావుపాటి దిమ్మెగా గీస్తారు. దానికి బాడీ అని పేరు. బాడీని దాటి ధర పైకీ కిందికీ ఎంత వెళ్లిందో చూపే సన్నని గీతలు విక్‌లు. ముగింపు మొదటి ధర కంటే పైన ఉంటే క్యాండిల్ ఆకుపచ్చ, కింద ఉంటే ఎరుపు. ఈ రంగుల అలవాటు అంతటా ఒకటి కాదు. జపాన్, చైనా మార్కెట్లలో పెరిగిన రోజుకే ఎరుపు వేస్తారు.

ఈ చార్టు జపాన్ నుంచి వచ్చింది. ఒసాకా నగరంలోని దోజిమా బియ్యం మార్కెట్‌కు 1730లో అక్కడి పాలకులు అధికారిక గుర్తింపు ఇచ్చారు. రానున్న రోజుల్లో ఇవ్వాల్సిన బియ్యానికి ముందే ధర కట్టే వ్యాపారం అక్కడ జోరుగా సాగింది. సకాటా పట్టణానికి చెందిన హోమ్మా మునేహిసా అనే బియ్యం వర్తకుడే క్యాండిల్ చార్టును కనిపెట్టాడని చాలా పుస్తకాలు రాస్తాయి. అది నిరూపణ అయిన విషయం కాదు. ఇప్పుడు చూస్తున్న రూపం 19వ శతాబ్దం చివర్లో స్థిరపడి ఉంటుందని ఎక్కువమంది అంచనా. 1991లో స్టీవ్ నిసన్ ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకంతో అది జపాన్ బయట ప్రచారంలోకి వచ్చింది. రెండు వందల యాభై ఏళ్ల రహస్య విద్య అని క్లాసులు అమ్ముకునేవారు చెప్పే మాటకు ఉన్న ఆధారం ఈపాటిదే.

క్యాండిల్ ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోవడానికి 2024 జూన్ మొదటి వారం నిఫ్టీ చార్టు చాలు. జూన్ 1 సాయంత్రం వచ్చిన లోక్‌సభ ఎగ్జిట్ పోల్స్ అధికార పక్షానికి భారీ ఆధిక్యం ఖాయమన్నాయి. మే 31 శుక్రవారం 22,531 వద్ద ముగిసిన నిఫ్టీ, జూన్ 3 సోమవారం ఏకంగా 23,338 వద్ద మొదలై 23,264 వద్ద ముగిసింది. ఒక్కరోజులో 733 పాయింట్ల లాభం. అయినా చార్టులో ఆ రోజు క్యాండిల్ ఎర్రగానే పడింది. క్యాండిల్ రంగు నిన్నటి ముగింపును పట్టించుకోదు, ఆ రోజు మొదలైన ధరతోనే పోల్చుకుంటుంది. పెరుగుదల అంతా రాత్రికి రాత్రి జరిగిపోతే, రెండు క్యాండిళ్ల మధ్య ఖాళీగా మిగిలిపోతుంది తప్ప ఏ క్యాండిల్ లోపలికీ రాదు. ఎర్ర క్యాండిల్ అంటే నష్టపోయిన రోజు అనుకునేవారు మొదట పొరపడేది ఇక్కడే.

మర్నాడు ఓట్ల లెక్కింపు. అధికార పక్షానికి సొంతంగా మెజారిటీ రావడం లేదని తేలేసరికి అమ్మకాలు ముంచెత్తాయి. నిఫ్టీ సుమారు 23,180 వద్ద మొదలైంది. ఆ రోజు గరిష్ఠం కూడా అదే కాబట్టి పైన విక్ లేదు. కనిష్ఠం 21,281. ముగింపు 21,884. అంటే దాదాపు 1,295 పాయింట్ల ఎర్ర బాడీ, దాని కింద 603 పాయింట్ల విక్. అమ్మేవాళ్లు పొద్దుటి నుంచీ పైచేయిగా ఉన్నారనీ, బాగా దిగువన కొనేవాళ్లు కొందరు దొరికారనీ ఈ బొమ్మ చక్కగా చెబుతుంది. పేరాడు వార్తను ఒక్క చూపులో అందిస్తుంది, సందేహం లేదు.

అయితే ఏది ముందు జరిగిందో మాత్రం అది చెప్పదు. సూచీ ఒకేసారి కూలి మెల్లగా లేచినా, మూడుసార్లు పడి మూడుసార్లు లేచినా నాలుగు ధరలూ అవే అయితే క్యాండిల్ ఒకేలా ఉంటుంది. కాలాన్ని ఎక్కడ కోస్తారన్న దాన్నిబట్టి ఆకారమూ మారిపోతుంది. అదే వారాన్ని వారపు చార్టులో చూస్తే సోమవారం 23,338 వద్ద మొదలు, శుక్రవారం 23,290 వద్ద ముగింపు. రోజు చార్టులో అంత భయపెట్టిన పతనం ఇక్కడ 48 పాయింట్ల పలుచని బాడీ కింద రెండు వేల పాయింట్ల పొడుగు విక్‌గా తేలింది. ఇలాంటి ఆకారం పతనం తర్వాత వస్తే హ్యామర్ అంటారు, ఇక పెరుగుతుందని దాని అర్థం. పెరుగుదల తర్వాత వస్తే హ్యాంగింగ్ మ్యాన్ అంటారు, ఇక పడుతుందని అర్థం. ఇది రికార్డు గరిష్ఠం దగ్గర వచ్చింది కాబట్టి పుస్తకం ప్రకారం పడాలి. నిఫ్టీ మాత్రం పెరుగుతూ పోయి, సెప్టెంబర్ 27న 26,277ను తాకింది.

ఒక్క ఉదాహరణతో హ్యాంగింగ్ మ్యాన్ పనికిరాదని తేల్చేయడం సరికాదు, ఒక్క ఉదాహరణతో అది పనిచేస్తుందని నమ్మడం సరికానట్టే. ఆకారాలను పరీక్షించాలంటే మొదట వాటికి కొలతలు రాసుకోవాలి: విక్ బాడీకి కనీసం ఎన్ని రెట్లు ఉండాలి, ముందు ఎన్ని రోజుల పెరుగుదల ఉండాలి, ఎన్ని రోజుల తర్వాత ఫలితం చూడాలి. ఆ తర్వాత పాత చార్టులో కొలతకు సరిపోయిన ప్రతి క్యాండిల్‌నూ లెక్కలోకి తీసుకోవాలి. యూట్యూబ్ వీడియోల్లో కనిపించేవి ఎక్కువగా పని చేసిన ఆకారాలే. పని చేయనివాటికి ఎవరూ బాణం గుర్తు పెట్టి చూపించరు. పోలిక కూడా సరైనదై ఉండాలి. నిఫ్టీ మామూలుగానే సగం కంటే కొంచెం ఎక్కువ రోజులు పెరుగుతుంది. కాబట్టి ఒక ఆకారం తర్వాత వందలో యాభై మూడుసార్లు పెరిగిందంటే ఆ ఆకారం కొత్తగా చెప్పింది ఏమీ లేనట్టే. పైగా ఇరవై రకాల ఆకారాలను పరీక్షిస్తే కేవలం అదృష్టం కొద్దీ వాటిలో ఒకటి గొప్పగా కనిపించే అవకాశం బాగా ఉంటుంది. మార్షల్, యంగ్, రోజ్ అనే పరిశోధకులు 2006లో అమెరికా డౌ జోన్స్ సూచీలోని షేర్ల మీద క్యాండిల్ ఆకారాలను పరీక్షించి, వాటిని నమ్ముకుని వ్యాపారం చేస్తే లాభం వస్తుందనడానికి ఆధారం లేదని తేల్చారు.

మరో చిక్కు ముగింపు ధరలో ఉంది. ఎన్‌ఎస్‌ఈలో ఎన్నో ఏళ్లు నడిచిన పద్ధతి ప్రకారం షేరు ముగింపు ధర అంటే చివరి లావాదేవీ ధర కాదు. మధ్యాహ్నం 3 నుంచి 3.30 వరకు జరిగిన లావాదేవీలకు, ఎన్ని షేర్లు చేతులు మారాయన్నదాన్ని బట్టి ప్రాధాన్యం ఇచ్చి తీసిన సగటు. అందుకే అయిదు నిమిషాల చార్టులోని ఆఖరి క్యాండిల్ ఒకచోట ఆగితే, రోజు చార్టులో ముగింపు మరికాస్త పైనో కిందో ఉంటుంది. పెద్ద షేర్లలో ఈ తేడా స్వల్పం. రోజంతా కలిపి కొద్దిపాటి లావాదేవీలే జరిగే చిన్న షేర్లలో మాత్రం ఒక్కరు వేసిన ఆర్డరే బాడీనీ విక్‌నూ తయారుచేస్తుంది. అలాంటి చార్టులో ఆకారాలు వెతకడం వృథా.

ధర ఒకచోట పదేపదే ఆగి వెనక్కి తిరిగితే కింది చోటును మద్దతు అనీ, పై చోటును నిరోధం అనీ అంటారు. దీనికి వెనుక నిజమైన కారణాలున్నాయి. ఒక ధర దగ్గర కొనాలనుకుని అవకాశం జారవిడుచుకున్నవాళ్లు అది మళ్లీ ఆ ధరకు వస్తే కొంటారు. ఎక్కువ ధరకు కొని ఇరుక్కున్నవాళ్లు అసలు తిరిగి రాగానే అమ్ముకుని బయటపడాలని చూస్తారు. గుండ్రని అంకెల మీద మనుషులకు మక్కువ ఎక్కువ, ఆర్డర్లూ అక్కడే పోగుపడతాయి. కరోల్ ఓస్లర్ అనే ఆర్థికవేత్త న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఉండగా విదేశీ మారక మార్కెట్‌లో దీన్ని పరిశీలించారు. సంస్థలు తమ ఖాతాదారులకు పంపే మద్దతు, నిరోధ స్థాయుల దగ్గర రేటు వెనుదిరగడం, ఊరికే ఎంచుకున్న స్థాయుల దగ్గర కంటే ఎక్కువగా జరిగిందని 2000లో ప్రచురించిన వ్యాసంలో చూపించారు. లాభం తీసుకునే ఆర్డర్లు గుండ్రని అంకెల మీద పోగవుతాయనీ, నష్టాన్ని ఆపే స్టాప్‌లాస్ ఆర్డర్లు వాటికి కాస్త ఆవల పోగవుతాయనీ ఆమె తర్వాతి పరిశోధన తేల్చింది. స్థాయి దగ్గర ధర ఎందుకు ఆగుతుందో, అది దాటగానే ఎందుకు ఒక్కసారిగా జారుతుందో ఈ ఒక్క సంగతితో చాలావరకు అర్థమవుతుంది. మూడు సాధనాల్లోనూ ఎక్కువ ఆధారం ఉన్నది దీనికే అనిపిస్తుంది. అయితే అక్కడ చూసింది ఒకే రోజులో జరిగే చిన్న కదలికలను. నెలల తరబడి పట్టుకునే షేరుకు దాన్ని అలాగే వర్తింపజేయలేం.

2024లో నిఫ్టీ దీనికి మంచి ఉదాహరణ ఇచ్చింది. మార్చి 20న 21,710 దాకా పడి లేచింది. ఏప్రిల్ 19న 21,780 దగ్గర ఆగి లేచింది. మే 13న 21,820 తాకి మళ్లీ లేచింది. రెండు నెలల్లో మూడుసార్లు దాదాపు ఒకే చోట. చార్టు చూసే ఎవరైనా 21,700–21,800 మధ్య మద్దతు ఉందనే గీస్తారు. ఇక్కడ గీత కంటే పట్టీ గీయడమే నిజాయితీ. మూడు కనిష్ఠాల మధ్య వంద పాయింట్లకు పైగా తేడా ఉన్నప్పుడు ఒకే అంకె మద్దతు అని చెప్పడం లేని ఖచ్చితత్వాన్ని చూపించుకోవడమే.

జూన్ 4న సూచీ ఈ పట్టీని చీల్చుకుని వెళ్లింది. మార్చి కనిష్ఠం కంటే 430 పాయింట్లు, అంటే సుమారు రెండు శాతం కిందికి దిగి, చివరకు 21,884 వద్ద, పట్టీకి పైనే ముగిసింది. ఇంతకీ మద్దతు విరిగినట్టా, నిలిచినట్టా? 21,700 దిగితే అమ్మేయాలని స్టాప్‌లాస్ పెట్టుకున్నవారి లెక్కలో విరిగింది. వాళ్లు అమ్మేశారు, మూడు రోజుల్లో సూచీ 23,290కి చేరింది. ముగింపు ధర విరిగితేనే అమ్మాలనుకున్నవారి లెక్కలో నిలిచింది. వాళ్లు అమ్మలేదు, లాభపడ్డారు. దీన్నిబట్టి రెండో నియమమే మేలని అనుకోకూడదు. సూచీ 21,281 దగ్గర ఉన్నప్పుడు అది అక్కడితో ఆగుతుందో, ఇంకో వెయ్యి పాయింట్లు దిగుతుందో రెండోవారికీ తెలియదు. నిజంగా కూలిపోయే రోజున ముగింపు దాకా ఆగినందుకు వాళ్లే ఎక్కువ చెల్లించుకుంటారు. ఒక నియమం తప్పుడు హెచ్చరికలకు మూల్యం కడుతుంది, రెండోది ఆలస్యానికి కడుతుంది. రెండూ లేని నియమం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

స్థాయులు గీసేటప్పుడు జరిగే పొరపాటును పట్టుకోవడం తేలికే. చార్టు మీద పది గీతలుంటే ధర ఎక్కడ తిరిగినా ఏదో ఒక గీత దగ్గరే తిరిగినట్టు ఉంటుంది. ఎన్నిసార్లు తాకితే మద్దతు అంత బలపడుతుందని కొందరంటారు. తాకిన ప్రతిసారీ అక్కడ కాచుకున్న కొనుగోలు ఆర్డర్లు ఖర్చైపోయి బలహీనపడుతుందని ఇంకొందరంటారు. జరిగినదానికల్లా రెండింట్లో ఒకటి సరిపోతుంది కాబట్టి, ముందే ఒకదాన్ని ఎంచుకుని రాసుకోకపోతే ఏ మాటనూ పరీక్షించలేం. పట్టీ ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఎంత దాటితే విరిగినట్టు, ఏ తేదీన గీశారు అన్నవి కాగితం మీద ఉంటే చాలు. షేర్ల విషయంలో మరొకటి చూడాలి. కంపెనీ బోనస్ ఇచ్చినా, షేరు ముఖవిలువను విభజించినా పాత ధరలను అదే నిష్పత్తిలో సవరించిన చార్టునే వాడాలి. సవరించని చార్టులో వెయ్యి రూపాయల షేరు ఒక్కరోజులో రెండు వందలకు కూలినట్టు కనిపిస్తుంది, పాత మద్దతులన్నీ అర్థం లేనివైపోతాయి.

మూవింగ్ యావరేజ్, అంటే చలన సగటు, మూడింటిలోనూ సులువైనది. గడచిన అయిదు రోజుల ముగింపులను కూడి అయిదుతో భాగిస్తే అయిదు రోజుల సగటు. మర్నాడు కొత్త ముగింపు చేరుతుంది, అన్నిటికంటే పాతది తొలగిపోతుంది. రోజువారీ కుదుపులను చదును చేసి మార్కెట్ మొత్తం మీద ఎటు పోతోందో చూపడం దీని పని. జూన్ 10న నిఫ్టీ 23,259 వద్ద ముగిసింది. జూన్ 4 నుంచి ఆ రోజు వరకు ముగింపులు 21,884, 22,620, 22,821, 23,290, 23,259. వీటి సగటు 22,775. జూన్ 11న సూచీ ఆరు పాయింట్లు మాత్రమే పెరిగి 23,265 వద్ద ముగిసింది. సగటు మాత్రం ఒక్కసారిగా 23,051కి, 276 పాయింట్లు పైకి గెంతింది. ఆ రోజు మార్కెట్‌లో విశేషం ఏమీ జరగలేదు. జూన్ 4 నాటి 21,884 లెక్కలోంచి జారిపోయింది, అంతే. సగటు గీత నిటారుగా లేస్తే మార్కెట్ ఊపందుకుందని అనుకునేముందు, వచ్చిన అంకెతోపాటు పోయిన అంకెనూ చూడాలి. ఈ గెంతును తగ్గించడానికి ఎక్స్‌పొనెన్షియల్ సగటు వాడతారు. అందులో కొత్త ధరకు ఎక్కువ వాటా ఉంటుంది, పాతవి ఒక్కసారిగా పోకుండా క్రమంగా బలం తగ్గుతాయి. పది రోజుల లెక్కలో తాజా ధర వాటా సుమారు 18 శాతం. ఇది ధరను తొందరగా అనుసరిస్తుంది కాబట్టి తప్పుడు హెచ్చరికలూ ఎక్కువే ఇస్తుంది.

ఏ సగటైనా గడిచిన ధరలతోనే తయారవుతుంది కాబట్టి వెనుకబడే ఉంటుంది. 200 రోజుల సాదా సగటు నిజానికి సుమారు వంద ట్రేడింగ్ రోజుల కిందటి స్థితిని చూపుతుంది. పెట్టుబడిదారులు ఎక్కువగా చూసేది దీన్నే: సూచీ ఆ గీతకు పైన ఉంటే ఉంచుకోవడం, కిందికి దిగితే అమ్మడం. 2020లో ఈ నియమం ఏం చేసిందో చూస్తే దాని బలమూ బలహీనతా ఒకేచోట తెలుస్తాయి. కోవిడ్ భయంతో ఫిబ్రవరి నెలాఖరులో నిఫ్టీ 200 రోజుల సగటు కిందికి దిగింది. ఫిబ్రవరి 28న ముగింపు 11,202. ఆ ధరకు అమ్మినవారు మార్చి 24న సూచీ 7,511కి పడిపోవడాన్ని బయటినుంచి చూశారు. మూడో వంతు ఆస్తి కరిగిపోయే పతనం తప్పింది. కానీ మార్కెట్ అక్కడినుంచి వేగంగా లేచింది. సగటు గీత పతనమంతా మోసుకుంటూ నెమ్మదిగా దిగుతుండగా, సూచీ దాన్ని మళ్లీ పైకి దాటింది జూలైలో, దాదాపు 11,000 దగ్గర. నియమం పాటించినవారు అమ్మిన ధరకు దగ్గరలోనే తిరిగి కొన్నారు. కనిష్ఠం నుంచి వచ్చిన దాదాపు 45 శాతం పెరుగుదల వాళ్లది కాలేదు. అమ్మినప్పుడూ కొన్నప్పుడూ సెక్యూరిటీస్ లావాదేవీల పన్ను, బ్రోకరేజీ, లాభమేదైనా ఉంటే దానిపై పన్ను పోగా చేతికి మిగిలిన ప్రయోజనం డబ్బు రూపంలో స్వల్పం. నిద్ర రూపంలో ఎంతో వాళ్లకే తెలియాలి.

దీర్ఘకాలంగా ఒక దిశలో సాగే మార్కెట్‌లో సగటు నియమం బాగా నడుస్తుంది. ఎటూ పోకుండా ఒకే పరిధిలో ఊగిసలాడే నెలల్లో మాత్రం ధర గీతను పదేపదే అటూ ఇటూ దాటుతుంది, ప్రతిసారీ కాస్త ఎక్కువకు కొని కాస్త తక్కువకు అమ్మాల్సి వస్తుంది. రాబోయేది ఏ రకం మార్కెట్ అన్నది సగటు చెప్పదు. ఇక్కడ పరిశోధనల చరిత్ర కూడా గుర్తుంచుకోదగ్గదే. బ్రాక్, లాకోనిషాక్, లెబారన్ 1992లో డౌ జోన్స్ సూచీ 90 ఏళ్ల ధరల మీద సగటు నియమాలను పరీక్షించి, అవి కొంతవరకు ముందుగా సూచించగలిగాయని రాశారు. 1999లో సల్లివన్, టిమ్మర్‌మన్, వైట్ అదే ప్రశ్నను మళ్లీ తీసుకున్నారు. వేల నియమాల్లోంచి బాగా పని చేసినదాన్ని ఏరుకోవడం వల్ల కలిగే భ్రమను లెక్కలోంచి తీసేసి, ఆ తర్వాతి పదేళ్ల ధరల మీద చూస్తే మేటి నియమం ప్రభావం నిలవలేదని తేలింది. 50, 200 అనే అంకెలు వదిలి 47, 183 బాగా పని చేశాయని ఎవరైనా చూపిస్తే అనుమానించాల్సింది అందుకే. పాత చార్టుకు సరిపోయేలా దిద్దిన అంకెలు కొత్త చార్టుకు సరిపోవాలని లేదు. పరీక్షించే మార్గం ఒకటుంది. పాత ధరల్లో సగంతో మాత్రమే నియమం ఎంచుకుని, తాకకుండా ఉంచిన రెండో సగం మీద ఖర్చులతో సహా దాన్ని నడిపి చూడాలి.

మూడు సాధనాలూ ఒకేమాట చెబితే నమ్మకం మూడింతలవుతుందని చాలామంది భావిస్తారు. మూడూ తయారయ్యేది ఒకే ధరల నుంచి కాబట్టి అవి మూడు వేర్వేరు సాక్ష్యాలు కావు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యక్తిగతంగా వ్యాపారం చేసినవారిలో 93 శాతం మంది 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబర్‌లో వెల్లడించింది. వాళ్లందరూ చార్టుల వల్లే నష్టపోయారని ఈ అంకె చెప్పదు. కానీ చార్టులు ఇంటింటి ఫోన్లలో ఉన్న కాలంలోనే ఇది జరిగింది.

చార్టు మిగిల్చే అసలు ఉపయోగం ముందుగానే వేసుకునే లెక్కలో ఉంటుంది. 1,000 రూపాయల షేరుకు 950 దగ్గర మద్దతు పట్టీ ఉందనుకుంటే, 940కి దిగితే అంచనా తప్పినట్టే. ఒక్కో షేరుకు నష్టం 60 రూపాయలు. ఈ కొనుగోలులో 6,000 రూపాయలకు మించి పోకూడదనుకుంటే వంద షేర్ల కంటే ఎక్కువ కొనకూడదు. ధర పెరుగుతుందా అన్నదానికి ఇందులో జవాబు లేదు, తప్పయితే ఎంత పోతుందన్నదానికే ఉంది. ఆ జవాబూ మామూలు రోజులకే వర్తిస్తుంది. 2020 మార్చి 20 శుక్రవారం నిఫ్టీ 8,745 వద్ద ముగిసి, సోమవారం 7,946 వద్ద మొదలైంది. మధ్యలో ఒక్క ధర కూడా పలకలేదు. 8,500 దగ్గర స్టాప్‌లాస్ అనుకున్నవారి ఆర్డరు ఆ ధరకు అమలయ్యే వీలే లేదు. మార్కెట్ తెరిచిన కాసేపటికే పది శాతం పడి 45 నిమిషాలు ట్రేడింగ్ నిలిచిపోయింది. తిరిగి మొదలయ్యాక ఆ రోజు ముగింపు 7,610.